కాల్ అయ్యాక క్లయింట్ పలకకపోతే ఏం రాయాలి?

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ వెబ్ డిజైనర్‌ని. పోయిన వారం ఒక క్లయింట్‌తో ప్రపోజల్ కాల్ అయింది. "బాగుంది, మాట్లాడుకుని చెప్తాం" అన్నారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మెసేజ్ పెడితే వెంటపడుతున్నట్టు ఉంటుందేమోనని టెన్షన్. డబ్బు సంగతి ఇప్పుడే అడగొచ్చా?

జవాబు: అడగండి, ఈ మెసేజ్‌లోనే అడగండి. అయితే "ఏమైనా అప్‌డేట్ ఉందా అండీ?" అని మాత్రం రాయకండి. దానికి "ఇంకా చూస్తున్నాం" అనేస్తే సరిపోతుంది. పైగా కాల్‌లో మాట్లాడిన మనిషీ, సంతకం పెట్టే మనిషీ చాలాసార్లు ఒకరే కారు. అందుకే మీ మెసేజ్, కాల్‌లో మాట్లాడిన మనిషి ఒక్క ముక్క మార్చకుండా పైవాళ్లకు పంపగలిగేలా ఉండాలి. ప్రపోజల్ పంపిన ఈమెయిల్‌కే రిప్లైగా ఇలా రాయండి:

"నమస్తే అండీ. మంగళవారం కాల్‌లో అనుకున్నట్టు అయిదు పేజీల వెబ్‌సైట్, రెండు విడతల మార్పులు, ఆరు వారాల గడువు. చెల్లింపు: మొదలుపెట్టే ముందు 40 శాతం, డిజైన్ ఓకే అయ్యాక 30, సైట్ అప్పగించాక 30. ప్రతి ఇన్‌వాయిస్‌కూ, అది అందిన రోజు నుంచి 15 రోజులు గడువు. ఈ షరతులు మీకు సమ్మతమేనా? వచ్చే సోమవారం మొదలుపెట్టేలా టైమ్ ఖాళీగా ఉంచాను. గురువారంలోగా చెబితే కాంట్రాక్ట్ పంపిస్తాను."

ఇందులో "అందిన రోజు నుంచి" అన్న మాటను వదిలేయకండి. ఉత్తినే "15 రోజులు" అంటే వాళ్ల అకౌంట్స్ విభాగం ఇన్‌వాయిస్‌ను ఆమోదించిన రోజు నుంచి లెక్కపెట్టొచ్చు. ఆ ఆమోదానికే మూడు వారాలు పడితే మీ 15 రోజులు అయిదు వారాలు దాటుతాయి. "డిజైన్ ఓకే అయ్యాక" అన్నదీ అంతే. ఓకే చెప్పడం మర్చిపోతే రెండో విడత అక్కడే ఆగిపోతుంది. అందుకే డిజైన్ పంపిన ఏడు రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఓకే అయినట్టేనని కాంట్రాక్ట్‌లో ఒక వాక్యం పెట్టండి. మెసేజ్‌లో అది అక్కర్లేదు, బరువెక్కుతుంది.

అడ్వాన్స్ తగ్గించమంటే వెంటనే సరేననకండి. దానికి బదులు మొదటి విడత పనిని చిన్నది చేసి, డబ్బు త్వరగా వచ్చేలా చూడండి. అడ్వాన్సే ఇవ్వలేమని, "ముందు ఒక పేజీ చేసి చూపించండి" అంటే ఆ పేజీకి విడిగా రేటు చెప్పండి. ఆ రేటుకు ఎలా స్పందిస్తారన్న దాన్నిబట్టే వాళ్ల దగ్గర బడ్జెట్ ఉందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

గురువారం దాటినా జవాబు రాకపోతే ఒక్క పని దినం ఆగి, "సోమవారం స్లాట్ వేరేవాళ్లకు ఇస్తున్నాను, మీరు సిద్ధమయ్యాక కొత్త తేదీ చూద్దాం" అని రెండు ముక్కలు రాయండి. నిజంగానే ఇచ్చేయండి కూడా. నిష్ఠూరాలు వద్దు. సంతకం, అడ్వాన్స్ రెండూ అందేదాకా డిజైన్ ఫైల్ తెరవకండి.