గాజువాక మొబైల్ షాపుకి 30 సెకన్ల యాడ్: ముందు షాపులో కూర్చోండి, తర్వాత రాయండి

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. యాడ్స్ రాసే పనిలోకి వెళ్లాలని ఉంది. గాజువాకలో మా మావయ్యకి తెలిసినవాళ్ల మొబైల్ రిపేర్ షాపుకి 30 సెకన్ల ఆడియో యాడ్ రాయమన్నారు. నమ్మకం, త్వరగా చేసివ్వడం, వారంటీ మూడూ ఉండాలన్నారు. 'నమ్మకానికి మారుపేరు, వేగవంతమైన సేవ, వారంటీ గ్యారంటీ' అని రాశాను. నాకే నచ్చలేదు. ఇంటర్వ్యూల్లో చూపించుకునేలా ఎలా రాయాలి?

జవాబు: మీరు రాసిన వాక్యంలో షాపు పేరు తీసేసి పక్క షాపు పేరు పెట్టినా సరిపోతుంది. మీకు నచ్చకపోవడానికి కారణం అదే. భాష మార్చినంత మాత్రాన అది బాగుపడదు. ఆ షాపులో నిజంగా ఏం జరుగుతుందో తెలిస్తే మాటలు వాటంతట అవే వస్తాయి. అందుకే ఒక నోట్‌బుక్ పట్టుకుని, ఓనరుని అడిగి, మూడు నాలుగు రోజులు కౌంటరు పక్కన కూర్చోండి. ప్రతి ఫోన్‌కీ మూడే రాసుకోండి: ఎన్ని గంటలకు వచ్చింది, ఏం పాడైంది, ఎన్ని గంటలకు తిరిగి ఇచ్చారు.

ఆ నోట్‌బుక్ లేకుండా టైం గురించి ఒక్క మాట కూడా రాయకండి. మీ లెక్కలో 20 డిస్‌ప్లేలు మార్చారని తేలిందనుకుందాం. వాటిలో పద్నాలుగు ఒక్క గంటలోపే అయ్యాయి. నాలుగింటికి ఆ మోడల్ స్టాకు లేక మర్నాడు ఇచ్చారు. మిగతా రెండింటిలో తెరిచి చూస్తే బ్యాటరీ ఉబ్బి ఉంది, ఆలస్యమైంది. అప్పుడు మీరు ఇవ్వగలిగిన మాట 'స్టాకు ఉంటే డిస్‌ప్లే గంటలో' అన్నదే. నీళ్లలో పడిన ఫోనూ, బోర్డు పనీ ఈ లెక్కలోకి రావు, వాటికి రోజులు పడతాయి. ఇంకా ఆకట్టుకోవాలని '15 నిమిషాల్లో' అని రాయాలనిపిస్తుంది. వద్దు. జిగురుతో అతికించే ఫోన్లలో డిస్‌ప్లేని వేడి చేసి ఊడదీయాలి, పాత జిగురు గీకాలి, కొత్తది పెట్టి క్లిప్పులు బిగించి కాసేపు ఉంచాలి. అక్కడ తొందరపడితే వారం తిరక్కుండా అంచు పైకి లేస్తుంది. అప్పుడు వారంటీ కోసం తిరిగొచ్చే కస్టమర్ మీ యాడ్ విని వచ్చినవాడే అవుతాడు.

ఇక నమ్మకం. ఈ మాటని స్క్రిప్టులోంచి పూర్తిగా కొట్టేయండి. ఒకసారి నా ఫోన్ ఒక షాపులో ఇచ్చాను. తీసుకోవడానికి వెళ్లేసరికి నా పిన్ నంబర్ ఒక స్టిక్కర్ మీద రాసి ఫోన్ వెనకాల అంటించి ఉంది. వరసగా పది ఫోన్లు, అన్నిటి మీదా అలాగే నంబర్లు, దారిన పోయేవాళ్లకి కూడా కనబడేలా. ఆ రోజు ఇంటికొచ్చి ముందు బ్యాంకు యాప్ తెరిచి చూసుకున్నాను. ఫోన్ రిపేరుకి ఇచ్చే మనిషి టెన్షన్ ఇదే: ఫోటోలు, డబ్బులు. మీ షాపువాళ్లు ఆ భయం పోయేలా ఏం చేస్తారో అడగండి. డిస్‌ప్లే మార్చడానికి పిన్ అక్కర్లేదు. పని అయ్యాక కస్టమరే లాక్ తీసి, టచ్, కెమెరా చూసుకోవచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి మార్చే వీలుంటే ఇంకా మంచిది. ఆ రెండు పనులు చెప్తే చాలు, 'నమ్మకం' అన్న మాట వినేవాళ్లే అనుకుంటారు.

పాత డిస్‌ప్లే తిరిగి ఇస్తారా అని కూడా ఓనరుని అడగండి. అద్దం పగిలినా లోపలి ప్యానెల్ బాగుంటే దానికి రేటు ఉంటుంది, కొనేవాళ్లుంటారు. అందుకే కొంతమంది ఇవ్వడానికి ఇష్టపడరు. ఒప్పుకుంటే యాడ్‌లో పెట్టండి, ఒప్పుకోకపోతే ఆ మాటే ఎత్తొద్దు.

వారంటీలో ఎక్కువమంది తప్పు చేస్తారు. వారంటీ ఫోన్‌కి కాదు, వాళ్లు వేసిన విడి భాగానికి. టచ్ పనిచేయకపోయినా, గీతలు వచ్చినా మార్చిస్తారు. మళ్లీ కింద పడి పగిలినా, నీళ్లు తగిలినా ఇవ్వరు. ఈ రెండో సగాన్ని చివర్లో 'షరతులు వర్తిస్తాయి' అని గబగబా చదివించి దాటేయకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, యాడ్‌లో మాట ఏ భాషలో చెప్పారో దాని షరతు కూడా అదే భాషలో ఉండాలి. ముఖ్యమైన సమాచారాన్ని షరతు చాటున దాచకూడదు. '100% ఒరిజినల్', 'ఆథరైజ్డ్' అన్న మాటలు ఓనరు అడిగినా రాయకండి. కాపీ డిస్‌ప్లే వేసి ఒరిజినల్ అంటే అది అబద్ధం. కంపెనీ అనుమతి లేని షాపుని ఆథరైజ్డ్ అంటే అదీ అంతే.

తెలుగులో నిదానంగా చదివితే 30 సెకన్లలో 55, 60 మాటలకి మించి పట్టవు. ఓనరు పైవన్నీ ఒప్పుకున్నాడనుకుని ఇలా రాసి చూశాను:

(ఫోన్ నేల మీద పడిన చప్పుడు)
ఆమె: అయ్యో, డిస్‌ప్లే పోయింది! ఇచ్చి వెళ్దామంటే లోపల ఫోటోలు, బ్యాంకు యాప్‌లు...
షాపతను: ఇచ్చి వెళ్లక్కర్లేదమ్మా, ఇక్కడే కూర్చోండి. పిన్ కూడా చెప్పొద్దు. స్టాకు ఉంటే గంటలో డిస్‌ప్లే మార్చేస్తాం, మీరే లాక్ తీసి చూసుకోండి.
ఆమె: మళ్లీ పాడైతే?
షాపతను: మేం వేసిన డిస్‌ప్లేకి మూడు నెలల వారంటీ, బిల్లు మీద రాసిస్తాం. పగిలినా, తడిసినా మాత్రం వర్తించదమ్మా.
వాయిస్: (షాపు పేరు), పాత గాజువాక. మీ మోడల్ స్టాకు ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

'వర్తించదమ్మా' అన్నది వింటే జనం వెనక్కి తగ్గుతారేమోనని ఓనరు భయపడతాడు. నా అభిప్రాయం వేరు. లేదని చెప్పాల్సింది ముందే చెప్పేసిన మనిషి, ఉంది అన్నది కూడా నిజమే అయ్యుంటుందని వినేవాళ్లకి అనిపిస్తుంది. అందుకే ఆ వాక్యాన్ని చివరి వాయిస్‌కి ఇవ్వకుండా షాపతని నోటే పలికించాను. రికార్డింగ్‌లో దాన్ని కూడా మిగతా వాక్యాల వేగంతోనే చదివించండి. గొంతు తగ్గిస్తే దాస్తున్నట్టు ఉంటుంది.

ఓనరుకి వినిపించేటప్పుడు 'ఎలా ఉంది' అని అడగకండి, బాగుందనే అంటాడు. 'రేపు ఎవరైనా వచ్చి యాడ్‌లో గంట అన్నారుగా అని నిలదీస్తే ఇవ్వగలరా?' అని అడగండి. పని చేసే కుర్రాడిని కూడా అదే అడగండి. ఆదివారం రద్దీలో అవదు అంటే గంటని రెండు గంటలు చేయండి.

యాడ్ మొదలైన నెల రోజులపాటు, వచ్చినవాళ్లని ఏం విని వచ్చారో అడిగి జాబ్ షీట్ మీద రాయమనండి. తడిసిన ఫోన్ పట్టుకొచ్చి గంటలో కావాలనేవాళ్లు ఎక్కువైతే, 'డిస్‌ప్లే' అన్న మాట చెవిన పడలేదన్నమాట. దాన్ని వాక్యం మొదటికి తెచ్చి మళ్లీ రికార్డు చేయించండి.

ఇంటర్వ్యూకి ఆడియో ఒక్కటే తీసుకెళ్లకండి. నోట్‌బుక్ పేజీ ఫోటో, మీ మొదటి స్క్రిప్టు, ఓనరు కొట్టేయించిన వాక్యాలు, చివరి స్క్రిప్టు వరసగా పెట్టండి. 'గంట అని ఎందుకు రాశావు?' అని అడిగితే ఆ పేజీ తీసి చూపించండి.