కాలర్‌లో పుట్, కాల్ స్ట్రైకులు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: నమస్తే సార్, మాది బొబ్బిలి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈసాప్ కింద గత ఏప్రిల్ 10న మా కంపెనీ షేర్లు 1,900 వచ్చాయి. ఆ రోజు ధర 900, ఇప్పుడు 1,500. ఊళ్లో ఇంటి పనికి మే నెలలో 20 లక్షలు కావాలి. ఏడాది నిండాక అమ్మితే పన్ను తగ్గుతుంది కదా, ఈలోపు ధర పడిపోతుందేమోనని భయం. ఖర్చు లేకుండా కాలర్ వేయొచ్చంటున్నారు. ఏ స్ట్రైకులు తీసుకోవాలి? లాటు 400 షేర్లు.

జవాబు: కాలర్ అంటే చేతిలోని షేర్లకు రక్షణగా, ముందే అనుకున్న ధరకు అమ్మే హక్కయిన పుట్ కొని, ఆ ఖర్చు రాబట్టడానికి ముందే అనుకున్న ధరకు కొనే హక్కయిన కాల్‌ను ఇంకొకరికి అమ్మడం. ఆ అనుకున్న ధరలే స్ట్రైకులు, ఆ హక్కుల వెల ప్రీమియం. స్ట్రైకుల కంటే ముందు మీ కంపెనీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నియమావళి చదవండి. చాలా కంపెనీలు తమ షేరు మీద ఉద్యోగులు ఆప్షన్లు చేయడాన్నే నిషేధిస్తాయి. మీరు డిజిగ్నేటెడ్ పర్సన్స్, అంటే కంపెనీ లోపలి సమాచారం తెలిసే అవకాశమున్నవాళ్ల జాబితాలో ఉంటే ఇంకో చిక్కుంది. మార్చి నెలాఖరు నుంచి ఫలితాలొచ్చిన 48 గంటల దాకా ట్రేడింగ్ విండో మూసి ఉంటుంది, అంటే అప్పుడు మీ కంపెనీ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. ఏడాది నిండే రోజు సరిగ్గా అందులోనే పడుతోంది. ఈ రెండిట్లో ఏది అడ్డొచ్చినా కాలర్ మాట మరచిపోయి, ఇప్పుడే కొన్ని షేర్లు అమ్మేయడం మంచిది.

అడ్డేమీ లేకపోతే ఆగడంలో అర్థముంది. లాటు లెక్కన నాలుగు లాట్లు, అంటే 1,600 షేర్లకే కాలర్ పడుతుంది. మిగిలిన 300కి రక్షణ ఉండదు. ఆ 1,600 మీద లాభం 9.6 లక్షలు. ఇప్పుడు అమ్మితే 20 శాతం చొప్పున 1.92 లక్షల పన్ను. 12 నెలలు దాటాక అయితే 1.25 లక్షలు మినహాయించి 12.5 శాతం, అంటే సుమారు 1.04 లక్షలు. సెస్సు పక్కన పెడితే 88 వేలు మిగులుతుంది. కాబట్టి ఎక్స్‌పైరీ, అంటే ఆప్షన్ల గడువు ముగిసే రోజు, ఏప్రిల్ 10 దాటాక ఉండాలి, ఏప్రిల్ నెల కాంట్రాక్టే తీసుకోవాలి.

ఇక స్ట్రైకులు. చాలామంది అన్ని స్ట్రైకుల ప్రీమియంలు చూపే ఆప్షన్ చైన్ తెరిచి, ప్రీమియంలు సరిపోయిన జత కోసం వెతుకుతారు. నేనైతే మీ ఇంటి ఖర్చు దగ్గర మొదలుపెడతాను. పుట్ స్ట్రైకు మీ చేతికి కనీసం ఎంత రావాలో దాన్నిబట్టి తేలుతుంది. ఆ పుట్ ధర చూశాక, అంతే ప్రీమియం వచ్చే కాల్ ఎక్కడుందో వెతకాలి.

ఉదాహరణకు 1,400 పుట్ కొనడానికి 30 రూపాయలు, 1,640 కాల్ అమ్మితే 28 రూపాయలు అనుకుందాం. కొనేటప్పుడు అమ్మేవాళ్లు అడిగే ఆస్క్ ధర, అమ్మేటప్పుడు కొనేవాళ్లు ఇస్తామనే బిడ్ ధర చూడండి. చివరి ట్రేడ్ ధర నమ్ముకుంటే దూరపు నెలల్లో మోసపోతారు. షేరుకు 2 రూపాయల తేడా, మొత్తం 3,200 ఖర్చు. షేరు 1,250కి పడిందనుకోండి. షేర్లకు 20 లక్షలు, పుట్ మీద 2.4 లక్షలు వస్తాయి. పుట్ లాభం వ్యాపారాదాయం కింద మీ స్లాబులో పడుతుంది, అది 30 శాతమైనా పన్నులన్నీ పోను దాదాపు 21 లక్షలు చేతికొస్తాయి. ఇల్లు ఆగదు.

పుట్‌ను 1,440కి జరపాలంటే ప్రీమియం 43 అవుతుంది. దాన్ని రాబట్టాలంటే 44 వచ్చే 1,580 కాల్ అమ్మాలి. కింద 40 రూపాయల ధైర్యం కోసం పైన 60 రూపాయల అవకాశం వదులుకున్నట్టు. మీకు 1,400 చాలు గనక నేను వద్దంటాను. ‘ఖర్చు లేదు’ అనే మాటకు అసలు అర్థం ఇదే: 1,640 పైన వచ్చేదంతా వదులుకోవడమే దాని ధర.

అసలు ఇబ్బంది షేరు పెరిగినప్పుడు వస్తుంది. అమ్మిన కాల్‌కు మార్జిన్, అంటే బ్రోకర్ దగ్గర పూచీ సొమ్ము కట్టాలి. షేర్లు ప్లెడ్జ్ చేసినా, అంటే తాకట్టు పెట్టినా, సుమారు సగం నగదు రూపంలో అడుగుతారు. షేరు 1,700 దాటితే లాభం షేర్లలో కాగితం మీద ఉంటుంది, కాల్ నష్టానికి మాత్రం బ్రోకర్ వెంటనే డబ్బడుగుతాడు. విజయనగరంలో నా దగ్గరకొచ్చిన ఒకాయన ఇలాగే డబ్బు సర్దలేక, కాల్‌ను మధ్యలోనే నష్టానికి మూసేశాడు. ఆ తర్వాత షేరు కిందికి దిగొచ్చింది! మూడు నాలుగు లక్షలు లిక్విడ్ ఫండ్‌లో ప్లెడ్జ్‌కు సిద్ధంగా ఉంచుకోకుండా ఈ పనికి దిగకండి.

మన స్టాక్ ఆప్షన్లు యూరోపియన్ తరహావి. ఎక్స్‌పైరీ దాకా ఎవరూ మీ షేర్లు లాక్కోరు. కానీ ఆ రోజు షేరు 1,640 పైన ఉంటే షేర్లు ఇచ్చి తీరాలి. ప్లెడ్జ్‌లో ఉండిపోతే డెలివరీ కుదరక వేలానికి పోతుంది. అందుకే ఏప్రిల్ 10 దాటాక, ఎక్స్‌పైరీకి వారం ముందే పుట్, కాల్ రెండూ మూసేసి, షేర్లు మార్కెట్లో అమ్మండి. కాల్ మీద నష్టం వస్తే దాన్ని జీతంలో తగ్గించుకోలేరు గానీ, అదే ఏడాది షేర్ల లాభంలో తగ్గించుకోవచ్చు. ఆ సంవత్సరానికి ఐటీఆర్-3 వేయాలి.