నాయనమ్మ పాత ఫొటోలో కాసులపేరు: కొలత, నీడ

ప్రశ్న: మా నాయనమ్మ బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో మెడ బోసిగా ఉంది. ఆమె కాసులపేరు ఇంట్లోనే ఉంది, తెల్లబట్ట మీద పరిచి ఫోన్‌తో ఫొటో తీసిన. ఫొటోషాప్‌లో పెడితే కాగితం కత్తిరించి అంటించినట్టు కనబడుతోంది. యాడాదికి పెద్ద ఫ్రేమ్ కట్టించాలె. ఎట్లా చేయాలె? (దేవరకొండ)

జవాబు: పేరు ఇంట్లోనే ఉందంటున్నరు కాబట్టి ముందుగాల ఫొటో మళ్లీ తీయండి. పరిచి తీస్తే కాసులన్నీ నిండు గుండ్రంగా వస్తయి. మనిషి మెడలో ఉన్నప్పుడు మాత్రం ఎదురుగా ఉన్న కాసే గుండ్రంగా కనబడుతది, పక్కలకు పోయేకొద్దీ సన్నబడతయి. ఆ తేడాను తర్వాత ఎంత వంచినా తేలేం. నాయనమ్మ ఒడ్డూ పొడుగూ ఉన్న ఆడమనిషికి సాదా ముదురు రంగు జాకెట్ మీద వేయించి, రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయండి. దగ్గరి నుంచి తీస్తే నడిమి కాసు ఉబ్బినట్టు వస్తది. ఫ్లాష్ వద్దు.

వెలుతురు ఎటు ఉండాలో పాత ఫొటోయే చెబుతది. ముక్కు నీడ ఏ బుగ్గ మీద పడిందో చూడండి. అది ఫొటోలో కుడివైపు పడితే దీపం ఎడమపక్క పైన ఉన్నట్టు. పేరు వేసుకున్న మనిషిని కిటికీ కూడా అటే వచ్చేటట్టు నిలబెట్టండి. తర్వాత కంప్యూటర్‌లో బొమ్మను తిప్పేద్దాం అనుకోవద్దు, కాసు మీది లక్ష్మీదేవి చేతులు తారుమారై, అక్షరాలుంటే అద్దంలో చదివినట్టు అయితయి.

ఇగ సైజు. ఇక్కడ కంటి అంచనా ఎప్పుడూ మోసం చేస్తది, దాదాపు అందరూ నగను పెద్దగానే పెడతరు. పెద్దవాళ్లలో కంటిపాప నడిమి నుంచి కంటిపాప నడిమికి దూరం ఆడవాళ్లకు సగటున 62 మిల్లీమీటర్లు. మనిషికీ మనిషికీ రెండు మూడు మిల్లీమీటర్లు తేడా ఉన్నా చూసేవాళ్లకు తెలియదు. ముఖం నేరుగా ఉన్న ఫొటోలోనే ఈ లెక్క పనికొస్తది.

మీ స్కాన్‌లో ఆ దూరం 186 పిక్సెల్స్ వచ్చిందనుకుందాం. అంటే మిల్లీమీటరుకు 3 పిక్సెల్స్. కాసును స్కేలుతో కొలవండి, 17 మిల్లీమీటర్లుంటే ఫొటోలో 51 పిక్సెల్స్ ఉండాలె. ఫోన్ ఫొటోలో నడిమి కాసు 204 పిక్సెల్స్ ఉంటే, Ctrl+T నొక్కి W, H రెండింట్లో 25% కొట్టండి. వేసుకున్న మనిషి గొంతు గుంట నుంచి కింది కాసు దాకా కూడా కొలవండి. అది 14 సెంటీమీటర్లయితే 420 పిక్సెల్స్ కిందికి రావాలె. రెండు కొలతలూ కలవకపోతే ఎక్కడో తప్పు లెక్కించినట్టే.

పేరును Black & White తో రంగు తీసేసి, మెరుపును నాయనమ్మ కమ్మలతోనో ముక్కుపుల్లతోనో పోల్చండి. ఆ మెరుపు కంటే కాసు తెల్లగా ఉండొద్దు. కొంగు పేరు మీదుగా పోయే చోట, మెడ వెనక్కి పోయే చోట మాస్క్‌తో చెరపండి. అంచులు చీర అంచుకంటే పదునుగా కనబడితే Gaussian Blur ఒక పిక్సెల్ ఇచ్చి, Add Noise లో Monochromatic పెట్టి 2% నుంచి మొదలుపెట్టి పాత ఫొటో గరుకుకు కలిసేదాకా పెంచండి.

నీడకు Drop Shadow వాడొద్దు. అది అన్ని చోట్లా ఒకే దూరంలో పడి, పేరును చీర మీద నుంచి లేపి గాలిలో పెడతది. పేరు లేయర్ బొమ్మ మీద Ctrl పట్టి క్లిక్ చేసి, కింద కొత్త లేయర్‌లో ఆ ఆకారం నింపి Multiply పెట్టండి. రంగు నలుపు కాదు, చీర మడతలోని ముదురు చోటు నుంచి ఐడ్రాపర్‌తో తీసుకోండి. ఇట్లాంటివి రెండు కావాలె. ఒకటి కాసును ఆనుకున్న నీడ: 2 పిక్సెల్స్ జరిపి, 1.5 బ్లర్, 60% Opacity. రెండోది దూరపు నీడ: దీపం ఎడమపక్క ఉంటే 6 పిక్సెల్స్ కిందికీ కుడికీ జరిపి, 5 బ్లర్, 30%. ఒక మడత మీద నుంచి ఇంకో మడత మీదికి పేరు దాటే చోట కింద ఖాళీ ఉంటది కదా, అక్కడ రెండో నీడను Warp తో మడత లోపలికి దింపండి. నీడ చీరతోపాటు వంగితేనే పేరు దాని మీద ఆనినట్టు ఉంటది.

ఎక్కువ మంది మరిచేది గదుమ నీడ. స్టూడియో దీపం పైనుంచి ఉంటది కాబట్టి మెడ పైభాగం నీడలోనే ఉంటది. అక్కడి గొలుసు కూడా మసకబారాలె. పేరు మీద ఇంకో Multiply లేయర్‌ను క్లిప్ చేసి, మెత్తటి బ్రష్‌తో ఆ రెండు చివరలనూ చర్మమంత ముదురు చేయండి. ఇది లేకపోతే మిగతాదంతా సరిగ్గా ఉన్నా గొలుసు వెలుగుతూ పట్టిస్తది.

చివరగా Info ప్యానెల్ తెరిచి జుట్టులో అన్నిటికంటే నల్లటి చోటు చూడండి. పాత ప్రింట్లు వెలిసిపోయి ఉంటయి, అక్కడ 0 కాకుండా 38 అట్లా రావచ్చు. మీ నీడ ఏదీ ఆ అంకె కంటే కిందికి పోవద్దు. కళ్ల దూరం 40 పిక్సెల్స్ కూడా లేని చిన్న ఫొటో అయితే కాసు 11 పిక్సెల్సే అయితది, అందులో లక్ష్మీదేవి బొమ్మ కనబడకుండా వదిలేయండి.

ఫ్రేమ్ సైజుకు ఇచ్చే ముందు, పెద్ద ప్రింట్ ఎంత సైజులో వస్తదో అంతే సైజులో ఛాతీ భాగం ఒక్కటి 4×6 మీద తీయించి, చెయ్యి చాచినంత దూరంలో చూడండి. కాసుల కింద నల్లగీత లాగా కనబడితే మొదటి నీడను 60 నుంచి 45కు తగ్గించండి.