అమెరికా చర్చి హాజరు లౌకికీకరణ సిద్ధాంతాన్ని కూల్చేస్తుందా?

"లౌకికీకరణ సిద్ధాంతంపై టర్మ్ పేపర్ రాస్తున్నాను. అమెరికాలో చర్చికి వెళ్లేవారు ఎక్కువే కదా, అది చూపి సిద్ధాంతం తప్పని రాయవచ్చా?"

ఆ ఒక్క ఆధారం చాలదు. సమాజం ఆధునికమయ్యేకొద్దీ మతం ప్రాబల్యం తగ్గుతుందనే ఈ సిద్ధాంతంలో ఏ భాగాన్ని ఖండిస్తున్నారో ముందు తేల్చుకోండి. సమాజశాస్త్రవేత్త హోసే కసనోవా 1994లో దాన్ని మూడుగా విడదీశారు: ప్రభుత్వం, విజ్ఞానశాస్త్రం వంటి రంగాలు మతం నుంచి వేరుపడటం, విశ్వాసమూ ఆచరణా తగ్గడం, మతం వ్యక్తిగత వ్యవహారంగా మిగలడం. మొదటిది నిలుస్తుందని, తక్కినవి అనివార్యం కావని ఆయన వాదన. చర్చి హాజరు రెండోదానికి మాత్రమే సాక్ష్యం.

ఆ సాక్ష్యమూ అంత గట్టిది కాదు. సర్వేల్లో దాదాపు 40 శాతం అమెరికన్లు వారంవారం చర్చికి వెళ్తామనేవారు. 1993లో హాడవే, మార్లర్, చేవ్స్ ఒహాయోలోని ఒక కౌంటీలో నిజంగా వచ్చినవారి లెక్క తీశారు. ప్రొటెస్టెంట్లలో సుమారు 36 శాతం మంది వెళ్లామని చెప్పగా, లెక్కలో తేలింది 20 శాతమే. మనుషులు తాము వెళ్లిన రోజును కాక, తాము ఎలాంటివారమని అనుకుంటారో దాన్ని చెబుతారు.

ఇక్కడే విద్యార్థులు తడబడతారు. ఈ తేడా హాజరు స్థాయి తక్కువని చూపుతుంది గానీ, అది కాలక్రమంలో తగ్గుతోందని నిరూపించదు. తగ్గుదలకు తరాల పోలిక కావాలి. 2016లో వోస్, చేవ్స్ చేసింది అదే: అమెరికాలోనూ ప్రతి కొత్త తరం ముందుతరం కన్నా కాస్త తక్కువ మతనిష్ఠతో ఉందని, అందువల్ల ఆ దేశాన్ని మినహాయింపుగా చూపలేమని వాదించారు.

ఒకప్పుడు ఈ సిద్ధాంతాన్ని సమర్థించిన సమాజశాస్త్రవేత్త పీటర్ బెర్గర్ 1999 నాటికి ఆ అభిప్రాయాన్ని వదులుకున్నారన్నది అందరూ ఉటంకించే మాట. చరిత్రగా రాయండి, రుజువుగా కాదు.