టెక్ సందేహాలు: కిలో నూనె, లీటరు నూనె.. ఫోన్‌లోని షీట్ ఎక్కడ పొరబడుతోంది?

ప్రశ్న: మాది అనంతపురం పాతూరు, చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. శనక్కాయ నూనె ధరలు ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లో రాసుకుంటున్నా. మిల్లు కిలో ప్యాకెట్ రూ.190, షాపులో లీటరు పౌచ్ రూ.178, యాప్‌లో 870 గ్రాముల పౌచ్ రూ.165. షీట్‌లో లీటరు పౌచ్ చవకగా కనిపిస్తోంది. మా అత్త మాత్రం కిలో ప్యాకెట్టే నయం అంటుంది. అన్నిటికీ లీటరు ధర వచ్చేలా ఫార్ములా చెప్తారా? పెద్ద టిన్ను తెచ్చుకోవాలన్నా ఇదే తికమక.

జవాబు: మీ అత్తగారి మాటే నిజం. నూనె నీళ్లకన్నా తేలిక. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు శనక్కాయ నూనె దాదాపు 910 గ్రాములే తూగుతుంది. అంటే సాంద్రత 0.91. సన్‌ఫ్లవర్, పామాయిల్‌కూ ఇదే అంకె వాడితే పెద్ద తేడా రాదు. కాబట్టి కిలో ప్యాకెట్‌లో లీటరు కన్నా ఎక్కువే, సుమారు 1,099 మిల్లీలీటర్ల నూనె ఉంటుంది. మీ షీట్‌కు ఆ సంగతి చెప్పలేదు గనుక అది 190నీ 178నీ పక్కపక్కన పెట్టి చిన్నదాన్ని చూపిస్తోంది.

కిలో ధరను 0.91తో గుణిస్తే లీటరు ధర వస్తుంది. 190ని గుణిస్తే రూ.172.90. లీటరు పౌచ్ రూ.178. పన్నెండు రూపాయలు ఎక్కువ అనిపించిన ప్యాకెట్, లీటరుకు ఐదు రూపాయలు తక్కువకే పడుతోంది.

షీట్‌లో B కాలమ్‌లో ధర, C లో పరిమాణం, D లో కొలత (kg లేదా L) రాయండి. G1 గడిలో 0.91 వేయండి. E2 లో ఇది టైప్ చేసి కిందికి లాగండి:

```
=IF(TRIM(D2)="kg", B2/C2*$G$1, B2/C2)
```

870 గ్రాములను C లో 0.87 అని, D లో kg అని వేయాలి. అప్పుడు ఆ పౌచ్ లీటరుకు రూ.172.59 చూపిస్తుంది, కిలో ప్యాకెట్‌తో దాదాపు సమానం. గడిలో "870 గ్రా" అని అక్షరాలతో సహా కొడితే మాత్రం #VALUE! వస్తుంది.

TRIM ఎందుకంటే, ఫోన్ కీబోర్డు సూచించిన పదాన్ని నొక్కితే చివర ఒక ఖాళీ కూడా చేరుతుంది. కంటికి kg లాగే ఉంటుంది గానీ TRIM లేకపోతే షీట్ దాన్ని వేరే మాటగా లెక్కేసి, గుణించకుండా 190నే తిరిగి చూపిస్తుంది. ఎర్రర్ కూడా రాదు, అదే దీంతో వచ్చిన చిక్కు. కిలో వరుసలో E అంకె కిలో ధరతో సమానంగా ఉంటే ముందు D గడిని చూడండి. గుణించాల్సిన చోట పొరపాటున భాగిస్తే రూ.208.79 వస్తుంది. నూనె విషయంలో లీటరు ధర ఎప్పుడూ కిలో ధర కన్నా తక్కువే ఉండాలి, ఎక్కువ వచ్చిందంటే లెక్క తిరగబడినట్టే.

పౌచ్ మీద గ్రాములు అచ్చై ఉంటే ఈ 0.91 గొడవే అక్కర్లేదు. నూనె వేడికి వ్యాకోచిస్తుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన లెక్క ప్రకారమే లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు ఉంటే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే ఉంటుంది. కొన్ని కంపెనీలు ఎక్కువ ఉష్ణోగ్రత వేసి తక్కువ తూకంతో ‘లీటరు’ అమ్ముతున్నాయనే, ఉష్ణోగ్రత రాయకుండా లీటర్లతో పాటు బరువు కూడా ముద్రించాలని ఆ శాఖ 2022 ఆగస్టులో ఆదేశించింది. గడువు 2023 జనవరి 15. అందుకే మీ లీటరు పౌచ్ మీద పక్కనే గ్రాములు కూడా కనిపిస్తాయి. అది 910 అయితే ఆ వరుసలో C లో 0.91, D లో kg అని వేసేయండి. అప్పుడు అన్ని ప్యాకెట్లూ బరువు మీదే తూగుతాయి, అనంతపురం ఎండ ఎంతున్నా బరువు మారదు. నా మటుకు నేను లీటరు ధర పక్కనబెట్టి కిలో ధరే పోలుస్తాను.

ప్యాకెట్ మీద గ్రాము ధర కూడా ఉంటుంది, దాన్నే చూస్తే పోలేదా అంటారేమో. కిలో లోపు ప్యాకెట్‌కు గ్రాము లెక్కన, అదీ రెండు దశాంశాలకు కుదించి వేస్తారు. మీ 870 గ్రాముల పౌచ్‌కు అది రూ.0.19 అవుతుంది. కానీ గ్రాముకు 0.19 అంటే కిలో రూ.185 కావచ్చు, దాదాపు 195 కూడా కావచ్చు. పది రూపాయల తేడా ఆ కుదింపులోనే పోతుంది. పైగా అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క, మీరు చెల్లించే డిస్కౌంట్ ధర మీద కాదు.

ఇక టిన్నులు. అసలు డబ్బు పోయేది ఇక్కడే. అంగట్లో ‘పదిహేను టిన్ను’ అంటారు, అది కిలోలో లీటర్లో చెప్పరు. మాట వరసకు 15 కిలోల టిన్ను రూ.2,775, 15 లీటర్లది రూ.2,600 అనుకుందాం. రెండోది రూ.175 తక్కువ. కానీ 15 లీటర్ల టిన్నులో ఉండేది 13.65 కిలోలే. 1.35 కిలోల నూనె తక్కువ వస్తుంది, కిలో రూ.185 లెక్కన దాని విలువే దాదాపు రూ.250. షీట్‌లో వేస్తే కిలోల టిన్ను లీటరుకు రూ.168.35, లీటర్ల టిన్ను రూ.173.33. టిన్ను మీది నికర బరువు చదవకుండా బేరం మొదలుపెట్టొద్దు. ఖాళీ టిన్ను బరువు అందులో కలవకూడదు.

లూజుగా కొనేటప్పుడు ఇంకో మోసం ఉంది. కిలో రేటు చెప్పి లీటరు కొలతతో పోస్తారు. రూ.190 రేటుకు అలా 90 గ్రాములు, అంటే రూ.17 పోయినట్టు. ఖాళీ సీసాను తూచి, సున్నా చేయించి, నూనె పోయించి మళ్లీ తూకం చూడాలి. తూకం లేని చోట లీటరు సీసా తీసుకెళ్లండి. నిజంగా కిలో పోస్తే లీటరు గీత దాటి ఇంకో వంద మిల్లీలీటర్లు మిగలాలి. సరిగ్గా గీత దగ్గరే ఆగిపోతే అది కిలో కాదు.

మీ షీట్‌లో రెండు ధరల మధ్య తేడా రూపాయి, రెండు రూపాయల లోపు ఉంటే, అందులోనూ ఒకటి 0.91తో మార్చినదైతే, అవి సమానమే అనుకోండి. పది డిగ్రీల వేడి తేడాకే లీటరు బరువు దాదాపు 7 గ్రాములు అటూ ఇటూ అవుతుంది, ఆ మాత్రం తేడా అక్కడే తేలిపోతుంది. అప్పుడు ఏది దగ్గరుంటే అది తెచ్చుకోండి.