టీడీఎస్ ఆలస్య రుసుము నోటీసు వచ్చింది, ముందు ఏది కట్టాలి?

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న భాగస్వామ్య సంస్థ. లెక్కలు చూసే అబ్బాయి మానేయడంతో జనవరి-మార్చి టీడీఎస్ స్టేట్‌మెంట్ (26క్యూ) జులై 8న వేశాం. ఆ మూడు నెలల టీడీఎస్ 6,200 రూపాయలు సకాలంలోనే కట్టాం. అయినా ఇప్పుడు మళ్లీ 6,200 కట్టమని నోటీసు వచ్చింది. అదే పన్ను రెండోసారి కట్టాలా? ఏప్రిల్ నుంచి కొత్త గోడౌన్ తీసుకున్నాం, నెల అద్దె 60,000. ఏప్రిల్-జూన్ టీడీఎస్ 21,400 కట్టేశాం గానీ స్టేట్‌మెంట్ ఇంకా వేయలేదు. నోటీసు సంగతి తేల్చుకున్నాక అది వేద్దామనుకుంటున్నాం. సరేనా? (2025 ఆగస్టు 18)

జవాబు: సరి కాదు. వరస తిప్పండి. ఏప్రిల్-జూన్ స్టేట్‌మెంట్ ఈ వారంలోనే వేసేయండి. నోటీసులోని మొత్తం ఇక పెరగని రుసుము, దానికి అందిన రోజు నుంచి 30 రోజుల గడువు కూడా ఉంది. వేయని స్టేట్‌మెంట్ మీద మాత్రం ఆగస్టు 1 నుంచి రోజుకు 200 చొప్పున పడుతూనే ఉంది. పైగా ఆగస్టు 31 దాటితే సమస్య రుసుముతో ఆగదు. ఆ సంగతి కింద చెబుతాను.

ముందు మీ అనుమానం. పన్ను రెండోసారి అడగడం లేదు. ఆదాయపు పన్ను చట్టం 234ఇ సెక్షన్ ప్రకారం స్టేట్‌మెంట్ ఆలస్యమైతే రోజుకు 200 రుసుము. అయితే అది ఆ త్రైమాసికపు టీడీఎస్‌ను మించకూడదు. మార్చి త్రైమాసికానికి గడువు మే 31. జూన్‌లో 30 రోజులు, జులైలో 8 రోజులు, మొత్తం 38 రోజులు. లెక్క ప్రకారం 7,600 పడాలి. మీ టీడీఎస్ 6,200 కాబట్టి అక్కడితో ఆగింది. అంకె ఒకటే కావడం పరిమితి వల్ల వచ్చింది. టీడీఎస్ సకాలంలో కట్టడం వల్ల వడ్డీ తప్పింది, రుసుము తప్పదు. ఎందుకంటే రుసుము డబ్బు కట్టడంలో ఆలస్యానికి కాదు, ఎవరి పాన్‌కు ఎంత కోశారో చెప్పడంలో ఆలస్యానికి.

దాన్ని మాఫీ చేసే అధికారం మీ టీడీఎస్ అధికారికి లేదు, కాబట్టి వేడుకోలు లేఖలతో రోజులు పోగొట్టుకోకండి. లెక్క తప్పైతేనే సవరణ అడగాలి. అందుకే ఆదాయపు పన్ను శాఖవారి టీడీఎస్ సైటు ట్రేసెస్‌లో, డిమాండు ఎలా లెక్కేశారో చూపే జస్టిఫికేషన్ రిపోర్ట్ దించుకుని, స్టేట్‌మెంట్ వేసిన తేదీ, రోజుల సంఖ్య సరిచూడండి. మీరు చెప్పిన తేదీలకైతే లెక్క సరిపోయింది.

ఇక ఏప్రిల్-జూన్ స్టేట్‌మెంట్. 234ఇ రుసుమును స్టేట్‌మెంట్ వేయడానికి ముందే కట్టాలని చట్టంలోనే ఉంది. చాలామంది ముందు స్టేట్‌మెంట్ వేసేసి, నోటీసు వచ్చాక కట్టొచ్చులే అనుకుంటారు. అప్పుడు మార్చి త్రైమాసికానికి జరిగినట్టే మళ్లీ డిమాండు, దాని మీద సవరణ స్టేట్‌మెంట్, రెండింతల పని.

ఇక్కడ చిన్న చిక్కుంది. రుసుము ఎంతో స్టేట్‌మెంట్ వేసే రోజును బట్టి ఉంటుంది, చలానా మాత్రం దానికి ముందే కట్టాలి. కట్టిన చలానా, స్టేట్‌మెంట్‌తో సరిపోల్చే చలానాల వివరాలుండే సీఎస్ఐ ఫైలులో కనిపించడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. అందుకని మూడు రోజులు ఎక్కువే వేసుకుని కట్టండి. ఆగస్టు 22న వేద్దామనుకుంటే 22 రోజులకు 4,400 అవుతుంది. మీరు 25 రోజులకు లెక్కేసి 5,000 కట్టండి. మిగిలే 600 చలానాలో నిల్వగా ఉంటుంది. తక్కువ కడితే మాత్రం ఆ నాలుగు వందలకో ఆరు వందలకో ఇంకో నోటీసు.

ఇదే చలానాలో వడ్డీ కూడా కలపాల్సి రావచ్చు, ఒకసారి చూసుకోండి. కోసిన టీడీఎస్‌ను మరుసటి నెల 7లోగా కట్టకపోతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ. ఆ నెలలు గడువు నుంచి కాదు, కోసిన రోజు నుంచి లెక్క. నెలలో ఒక్క రోజు ఉన్నా పూర్తి నెలే. మే 31న గోడౌన్ అద్దె మీద 6,000 కోసి, జూన్ 11న కట్టారనుకోండి. ఆలస్యం నాలుగు రోజులే. లెక్కలోకి మాత్రం మే, జూన్ రెండు నెలలూ వస్తాయి. మూడు శాతం, అంటే 180 రూపాయలు. చిన్న మొత్తమే కదా అని వదిలేస్తే అదే స్టేట్‌మెంట్ మీద మళ్లీ డిమాండు పడుతుంది. మీ మూడు చలానాల తేదీలు పక్కన పెట్టుకుని సరిచూడండి.

చలానా కట్టేటప్పుడు incometax.gov.in లో టీడీఎస్ కోసేవారికి ఇచ్చే టాన్ నంబరుతో లాగిన్ అయి, e-Pay Tax లో చలానా 281 ఎంచుకోండి. అసెస్‌మెంట్ ఇయర్ దగ్గర జాగ్రత్త: ఏప్రిల్-జూన్ 2025కి 2026-27 ఎంచుకోవాలి, మార్చి త్రైమాసికానికైతే 2025-26. మొత్తాన్ని పన్ను గడిలో వేయకుండా 234ఇ రుసుము గడిలో 5,000, వడ్డీ ఉంటే వడ్డీ గడిలో విడిగా వేయండి.

తర్వాత ప్రొటీన్ సంస్థ ఇచ్చే ఆర్పీయూ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టేట్‌మెంట్ తయారు చేయండి. వెర్షన్ కొత్తదేనా చూసుకోండి. పాతదానిలో చేసిన ఫైలు చివర్లో తిరస్కరణకు గురైతే పని మొదటికి వస్తుంది. చలానా పేజీలో మామూలు టీడీఎస్ చలానాలతో పాటు ఈ రుసుము చలానాకు కూడా ఒక వరస ఇవ్వాలి. కట్టిన అంకెలే ఫీజు, వడ్డీ గడుల్లో వేయాలి. ఆ వరసకు కోత పడినవారి వివరాలు అక్కర్లేదు. జనం ఎక్కువగా జారేది ఇక్కడే. రుసుము కట్టేస్తారు, స్టేట్‌మెంట్‌లో దాన్ని చూపించరు. ఆ డబ్బు శాఖ ఖాతాలోనే ఉంటుంది, డిమాండు మాత్రం పోదు.

సీఎస్ఐ ఫైలు దించేటప్పుడు తేదీల పరిధి మొదటి చలానా నుంచి రుసుము చలానా దాకా అన్నిటినీ కలిపి ఉండాలి. జూన్ 30 వరకే ఇస్తే ఆగస్టు చలానా సరిపోలలేదని చూపిస్తుంది. ఫైలులో తప్పులు పట్టే ఎఫ్‌వీయూ పరీక్ష దాటాక వచ్చిన ఫైలును జిప్ చేసి, టాన్ లాగిన్‌లోనే అప్‌లోడ్ చేసి, డిజిటల్ సంతకంతోగానీ ఈవీసీ అనే ఎలక్ట్రానిక్ కోడ్‌తోగానీ ధృవీకరించండి. అక్కడితో పని అయిపోయిందనుకోకండి. స్టేటస్ Accepted అని మారేదాకా రోజూ చూడండి. Rejected అని వస్తే స్టేట్‌మెంట్ వేయనట్టే లెక్క, రోజుకు 200 నడుస్తూనే ఉంటుంది. మీరు మూడు రోజులు అదనంగా కట్టింది ఇలాంటి సందర్భానికి కూడా పనికొస్తుంది.

ఇప్పుడు ఆగస్టు 31 విషయం. స్టేట్‌మెంట్ వేయకపోతే 234ఇ రుసుముతో పాటు, 271హెచ్ కింద 10,000 నుంచి లక్ష దాకా జరిమానా వేసే అధికారం అధికారికి ఉంది. పన్ను, రుసుము, వడ్డీ మొత్తం కట్టి, గడువు తేదీ నుంచి నిర్ణీత కాలంలోగా స్టేట్‌మెంట్ వేస్తే ఈ జరిమానా ఉండదు. ఆ కాలం ఇదివరకు ఏడాది. 2025 ఏప్రిల్ 1 నుంచి దాన్ని ఒక్క నెలకు కుదించారు. చాలామందికి ఇంకా పాత ఏడాది లెక్కే గుర్తుంది. మీ ఏప్రిల్-జూన్ స్టేట్‌మెంట్‌కు గడువు జులై 31, కాబట్టి రక్షణ ఆగస్టు 31 వరకే. రుసుము ఎగ్గొట్టి స్టేట్‌మెంట్ ఒక్కటే వేసినా ఆ రక్షణ పూర్తిగా దక్కదు, మూడూ కట్టి ఉండాలి. రుసుము టీడీఎస్ మొత్తానికి చేరి ఆగిపోయింది కదా, ఇక ఆలస్యమైతే ఏం పోయిందిలే అనుకునేవారు చూడాల్సిన సెక్షన్ ఇది.

మార్చి త్రైమాసికం విషయంలో ఆ నెల రోజులు జూన్ 30తోనే అయిపోయాయి, మీరు వేసింది జులై 8న. కాబట్టి జరిమానా అవకాశం కాగితం మీద ఉంది. అది రుసుములా దానంతటదే పడేది కాదు. అధికారి ముందు కారణం అడుగుతూ నోటీసు ఇవ్వాలి, తగిన కారణం చూపితే 273బి సెక్షన్ కింద వదిలేయవచ్చు. గుమస్తా మానేశాడన్న ఒక్క మాట బలమైన కారణం కాదని నా అభిప్రాయం. పన్ను మొత్తం సకాలంలో ప్రభుత్వానికి చేరిందన్న చలానాలు దానికి తోడైతే బరువు పెరుగుతుంది. అతని రాజీనామా కాగితం, చలానాలు ఒక ఫైల్లో ఉంచండి.

ఏప్రిల్-జూన్ పని ముగిశాక నోటీసు డబ్బు చూడండి. 6,200కు చలానా 281 కట్టండి. ఇది ఇప్పటికే పడిన డిమాండు కాబట్టి చెల్లింపు రకం తెలిపే మైనర్ హెడ్ దగ్గర 400, మళ్లీ రుసుము గడిలోనే. 30 రోజులు దాటితే నెలకు ఒక శాతం వడ్డీ అదనం. కట్టాక ట్రేసెస్‌లో Defaults మెనూలోని Request for Correction ద్వారా ఆర్థిక సంవత్సరం 2024-25, నాలుగో త్రైమాసికం, 26క్యూ ఎంచుకుని ఆన్‌లైన్ సవరణకు అభ్యర్థన పెట్టండి. అది అందుబాటులోకి వచ్చాక, ఆలస్య రుసుము చెల్లింపు ఆప్షన్‌లో ఈ చలానాను ఆ డిమాండుకు జత చేసి సమర్పించాలి.

లోపలికి వెళ్లేముందు కేవైసీ అడుగుతుంది. ఆ త్రైమాసికపు స్టేట్‌మెంట్ టోకెన్ నంబరు, అందులో చూపిన ఒక చలానా తాలూకు బ్యాంకు శాఖ బీఎస్ఆర్ కోడ్, తేదీ, క్రమ సంఖ్య, మొత్తం ఇవ్వాలి. ఆ చలానా కిందే చూపిన పాన్‌లు, వాటి కోత మొత్తాలు కూడా. వేరే చలానా కింది పాన్ ఇచ్చినా, మొత్తంలో పైసల దగ్గర తేడా వచ్చినా ఒప్పుకోదు. రుసుముకు కొత్తగా కట్టిన చలానాను ఇక్కడ ఇవ్వకండి, అది ఆ స్టేట్‌మెంట్‌లో ఇంకా లేదు. సవరణ ప్రాసెస్ అయ్యాక డిమాండు సున్నా అయిందో లేదో Defaults లో మళ్లీ చూడాలి.

మీ గోడౌన్ యజమాని సంగతి కూడా ఉంది. ఏప్రిల్-జూన్ అద్దెల మీద కోసిన 18,000 మీరు స్టేట్‌మెంట్ వేసేదాకా, ఆయన పేరున జమైన పన్నును చూపే 26ఏఎస్‌లో కనిపించదు. టీడీఎస్ కోసినట్టు ఇచ్చే ధృవపత్రం ఫారం 16ఏ ఆగస్టు 15లోగా ఇవ్వాల్సింది, దాని ఆలస్యానికి కూడా రోజుకు 500 జరిమానా వేసే నిబంధన విడిగా ఉంది. స్టేట్‌మెంట్ ప్రాసెస్ కాగానే ట్రేసెస్ నుంచి 16ఏ దించి ఆయనకు పంపేయండి. సొంతంగా వర్డ్‌లో టైపు చేసి ఇచ్చేది చెల్లదు.