స్కాలర్‌షిప్ వ్యాసంల ఇంటి సంగతి ఎట్ల రాయాలె

బిడ్డా శ్రావణీ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివిన. ఎమ్మెస్సీల ఏం చదువుదామనుకుంటున్నవో రాసిన భాగం బాగుంది, దాన్ని కదపకు. ఈ ఉత్తరమంతా ఇంటి గురించి రాసిన మొదటి పేరా మీదనే.

నువ్వు రాసింది ఇది: "మాది దేవరకొండలో నిరుపేద రైతు కుటుంబం. మా తల్లిదండ్రులు రేయింబవళ్లు చెమటోడ్చి నన్ను చదివించారు." ఇందుల అబద్ధం లేదు. కానీ చదివేటోళ్ల ముందున్న కట్టల సగం దరఖాస్తులు ఇదే మాటతోని మొదలైతయి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ దిక్కు పదెకరాల వరి ఉన్నాయనా రైతే, చెల్కల పత్తి ఏసే మీ నాయినా రైతే. ఇంగ్లిష్‌ల రాసేటప్పుడు ఇద్దరికీ 'ఫార్మర్' అనే పడ్తది. తేడా నువ్వు చెప్తేనే తెలుస్తది.

ముందు భూమి సంగతి. పాస్‌బుక్‌ల 1.20 అని ఉంటే దరఖాస్తుల కూడ 1.20 అనే కొట్టినవు. అది ఎకరం ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి ఒకటిన్నర ఎకరం, అంటే 1.5. మనకు చూడంగనే తెలుస్తది, బయటోళ్లకు తెల్వదు. ఇగ వ్యాసంలనేమో "నాలుగున్నర ఎకరాలల్ల పత్తి" అని రాసినవు. మిగిలిన మూడెకరాలు కౌలువి. ఆ కౌలు ఏ కాయితంలనూ ఉండదు. 2018ల మొదలైన రైతుబంధు కూడ పట్టా ఉన్నోళ్లకే ఇచ్చినరు. పాస్‌బుక్ పక్కన పెట్టి చదివితే నువ్వు భూమి దాచినవనో, పెంచి చెప్పినవనో అనిపిస్తది. "ఒకటిన్నర సొంతం, మూడు కౌలు" అంటే ఒక్క మాటతోని ఆ అనుమానం పోతది.

ఆదాయం దగ్గర మంచిగ కూసొని లెక్క కట్టాలె. నాయినను పక్కన కూసోబెట్టుకొని ఒక మామూలు ఏడాదిది తియ్యి. నాకు ఫోన్ల చెప్పిన అంకెలతోని చూస్తే ఇట్లున్నది. నాలుగున్నర ఎకరాలల్ల ఎకరానికి 6 క్వింటాళ్ల చొప్పున 27 క్వింటాళ్లు. క్వింటాలుకు 7,000 పడితే 1,89,000. ఇదే ఆదాయం అనుకుంటే తప్పు. కౌలు ఎకరానికి 12,000 చొప్పున 36,000 పోతది. విత్తనాలు, ఎరువులు, మందులు, ట్రాక్టరు కలిపి ఎకరానికి 15,000 అంటే 67,500. పత్తి ఏరుడు కిలోకు 12 లెక్కన 2,700 కిలోలకు 32,400. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 53,100. నాయిన ఎండాకాలం రెండు నెలలు హైదరాబాద్‌ల సెంట్రింగ్ పనికి పోతే రోజుకు 800 చొప్పున 48,000. అమ్మ కైకిలి 80 రోజులు, 300 చొప్పున 24,000. మొత్తం 1,25,100. వ్యాసంల "సుమారు లక్షా ఇరవై ఐదు వేలు, వానలు సక్కగ పడ్డ ఏడాదిల" అని రాయి. ఆ వాన మాట వదిలెయ్యకు. చెల్క పత్తికి అది సాకు కాదు, సమాచారం.

ఇప్పుడు అసలు చిక్కు. నువ్వు జతచేసిన ఆదాయం సర్టిఫికెట్ ఇంటర్ల తీసుకున్నది, అండ్ల 60,000 ఉన్నది. అదొక లెక్క, వ్యాసం ఒక లెక్క అయితే చూసేటోళ్లు రెండింటినీ నమ్మరు. సర్టిఫికెట్‌కు సరిపోయేటట్టు వ్యాసంల అంకె తగ్గించాలని ఎవరన్న చెప్తే వినకు. ఇంటర్వ్యూల "మీ నాయినకు రోజుకు కూలి ఎంత, ఎన్ని రోజులు పోతడు" అని రెండు ప్రశ్నలు అడిగితే గుట్టు బయటపడ్తది. మీసేవల కొత్తగ దరఖాస్తు పెట్టి, ఇదే లెక్క చెప్పి సర్టిఫికెట్ తెచ్చుకో. 1,25,000 అయినా ఈ స్కాలర్‌షిప్ ఇచ్చే ట్రస్టు పెట్టిన పరిమితి లోపలనే ఉన్నవు, నోటిఫికేషన్ చూసిన.

అప్పు గురించి "రెండు రూపాయల మిత్తికి 80,000 తెచ్చినం" అని రాసినవు. ఇంగ్లిష్‌లకు మార్చంగనే అది రెండు శాతం వడ్డీ అయి కూసుంటది, బ్యాంకు కన్న చవక అనుకుంటరు. మన రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. 80,000కు నెలకు 1,600, ఏడాదికి 19,200. అట్లనే రాయి. అయితే దీన్ని ఆదాయంలకెల్లి తీసేసి తక్కువ చూపెట్టొద్దు. ఆదాయం వేరే, అప్పు వేరే.

"మా వంశంల చదువుకున్న మొదటి మనిషిని" అన్నది కొట్టెయ్యి. మీ మేనమామ టీచరు, ఆ సంగతి ఊరంత తెలుసు. ఆ దరఖాస్తుల అడిగింది తల్లిదండ్రులకు డిగ్రీ ఉన్నదా లేదా అని. నాయిన ఏడో తరగతి, అమ్మ బడికి పోలే, అన్న డిగ్రీ రెండో ఏట ఆపిండు. ఉన్నదున్నట్టు చెప్తే చాలు, మేనమామను దాచే పని లేదు. అన్న వేరుంటున్నా నీ హాస్టల్‌కు నెలకు 1,500 పంపుతడు కద, అది ఎక్కడా రాయలే. రాయి. దానితోని నీ అవసరం తగ్గదు, ఫీజు ఇప్పటిదాక ఎట్ల కట్టినవన్న ప్రశ్నకు జవాబు దొరుకుతది.

ఫ్లోరైడ్ నీళ్ల గురించి రెండు వాక్యాలున్నయి. నల్లగొండ అంటే ఫ్లోరైడ్ రాయాలె, పాలమూరు అంటే వలస రాయాలె అన్నట్టు అయిపోయింది మన పిల్లలకు. మీ ఇంట్ల ఎవరికీ కీళ్లు వంగలే, పండ్లు గారపట్టలే. తీసెయ్యి.

ఇవన్నీ సర్దితే పేరా ఇట్ల వస్తది. ముందు తెలుగుల ఖాయం చేసి, తర్వాత ఇంగ్లిష్‌లకు మార్చుకో:

"మాకు దేవరకొండ దగ్గర ఒకటిన్నర ఎకరం చెల్క ఉంది. నాన్న ఇంకో మూడెకరాలు కౌలుకు తీసుకొని పత్తి వేస్తాడు, ఎండాకాలం రెండు నెలలు హైదరాబాద్‌లో నిర్మాణ పనికి పోతాడు. అమ్మ ఏడాదికి 80 రోజులు ఇతరుల చేలల్లో కూలి చేస్తుంది. ఖర్చులు పోను, వానలు బాగున్న ఏడాదిలో సుమారు 1,25,000 వస్తాయి. అక్క పెళ్లికి తెచ్చిన 80,000 అప్పుకు ఏడాదికి 24 శాతం వడ్డీ కడుతున్నాం. నాన్న ఏడో తరగతి వరకు చదివాడు, అమ్మ బడికి వెళ్లలేదు. వేరుగా ఉండే అన్న డిగ్రీ మధ్యలో ఆపి పనిలో చేరాడు, నా హాస్టల్‌కు నెలకు 1,500 పంపుతాడు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసింది నేను."

ఇంగ్లిష్‌ల వంద పదాలు దాటినా నూట ఇరవైకి మించదు. మొత్తం 500లల్ల ఇంటికి ఇంతకన్న ఎక్కువ ఇయ్యకు. నిరుపేద, చెమట, కన్నీళ్లు ఎక్కడా లేవు చూడు.

పంపే ముందు దీన్ని నాయినకు చదివి వినిపించు. పెళ్లి అప్పు సంగతి బయటోళ్లకు చెప్పుడు ఆయనకు ఇష్టం లేకపోతే అక్క పెళ్లి మాట తీసేసి "80,000 అప్పు" అని మాత్రమే ఉంచు, అది కూడ నిజమే. ఆయన సరే అన్నంక మీసేవకు పో. సర్టిఫికెట్ చేతికొచ్చేదాక ఆన్‌లైన్ల సబ్మిట్ కొట్టకు.

పెద్దనాయిన